ఆనవాలు లేని అంటు

1975 నవంబరులో జపాన్‌లోని ఒసాకాలో బురాకు విముక్తి లీగ్‌కు పేరు రాయని ఉత్తరం ఒకటి అందింది. ఒక పుస్తకాన్ని కంపెనీలకు గుట్టుగా అమ్ముతున్నారని దాని సారాంశం. తీగ లాగితే డొంకంతా కదిలింది. ఆ పుస్తకం ఏ దుకాణంలోనూ దొరకదు. ఉద్యోగులను ఎంపిక చేసే విభాగాలకు తపాలాలో ప్రకటన పంపి, డబ్బు కట్టినవాళ్లకు మాత్రమే చేరవేశారు. అందులో సిద్ధాంతాలు లేవు, వాదాలు లేవు. జిల్లాల వారీగా ఊళ్ల పేర్లు ఉన్నాయి. ఒక్కో పేరుకు ఎదురుగా ఆ పేట ఎక్కడుందో, అక్కడ ఎన్ని గడపలున్నాయో, జనం ఎక్కువగా ఏ పని చేసుకుని బతుకుతారో రాసి ఉంది. దేశం మొత్తం మీద అలాంటివి 5,000కు పైగా. వెల 5,000 యెన్ల నుంచి 50,000 యెన్ల దాకా పలికింది.

కొన్నవాళ్లు 200 కంపెనీలకు పైనే. వాటిలో దేశమంతటికీ తెలిసిన పెద్ద పెద్ద సంస్థలున్నాయి. కొన్నది వీధి రౌడీలు కారు, చదువు లేని మూఢులు కారు. చక్కగా ఇస్త్రీ చేసిన సూట్లు వేసుకుని, ఎదుటివాడికి నడుం వంచి నమస్కారం పెట్టి, మర్యాదకు మారుపేరుగా బతికే పెద్దమనుషులు. సంస్థ ఖర్చు కింద రాసుకుని, రసీదు తీసుకుని మరీ కొన్నారు.

ఎందుకు కొన్నారో ఆలోచిస్తే ఒళ్లు మండుతుంది. ఉద్యోగానికి వచ్చిన కుర్రాడు ఎదురుగా కూర్చున్నాడు. అతని ఒంటి రంగు అందరి రంగే. మాట్లాడే భాష అందరి భాషే. మతం అదే, తిండి అదే, కట్టూ బొట్టూ అవే. మార్కులు బాగానే వచ్చాయి. గంటసేపు తిప్పి తిప్పి ప్రశ్నలు వేసినా అతనిలో వేరే లక్షణం ఒక్కటీ దొరకలేదు. దొరకదు కూడా, ఎందుకంటే లేదు. అయినా అతన్ని వద్దనుకోవాలి. అందుకని పుస్తకం తిరగేశారు.

తేడా కనిపిస్తోంది కాబట్టి మనుషులు దూరం పెడతారని మనకు మనం సర్దిచెప్పుకుంటాం. రంగు వేరు, రూపం వేరు, భాష వేరు, అలవాటు పడితే సర్దుకుంటారులే అంటాం. ఆ సర్దుబాటు మాటలన్నిటికీ జపాన్‌లోని బురాకు జనం చరిత్ర చెంపపెట్టు. అక్కడ కన్ను ఏ తేడానూ చూడలేదు. చూడలేని దాన్ని పట్టుకోవడానికి ఒక సమాజం వందేళ్లకు పైగా కాగితాలు తవ్వుతూ వచ్చింది. ఆ తవ్వకంలో చేయి వేసిన ప్రతివాడూ, నేనేం చేశాను, నా పని నేను చేశాను అన్నాడు. నా కోపమంతా ఆ మాట మీదే.

ఈ జనం ఎవరంటే, తోకుగవా పాలకుల కాలంలో సమాజాన్ని అంతస్తులుగా బిగించినప్పుడు అన్నిటికంటే అడుగుకు నెట్టేసినవాళ్ల వారసులు. ఒక వర్గాన్ని 'ఎతా' అన్నారు, మహా మైల అని దాని అర్థం. ఇంకో వర్గాన్ని 'హినిన్' అన్నారు, అంటే మనిషి కానివాడు. చచ్చిన గొడ్లను, గుర్రాలను తీసుకెళ్లడం, తోలు ఒలిచి ఊనడం, మరణశిక్షలు అమలు చేయడం, కాపలా కాయడం వాళ్ల పనులు. ఊరి పొలిమేరల్లోనో, వరదొస్తే మునిగే ఏటి ఒడ్డునో వాళ్ల పేటలు ఉండేవి. చావును ముట్టుకునేవాడికి మైల అంటుకుంటుందన్నారు, ఆ మైల బిడ్డలకూ మనవలకూ దిగుతుందన్నారు. సమురాయి కవచానికి తోలు వాళ్లే ఇవ్వాలి. ఆ కవచం తొడుక్కున్నవాడికి మాత్రం మైల లేదు.

1871లో మెయిజీ ప్రభుత్వం ఆ పేర్లను రద్దు చేసింది. ఇకనుంచి హోదాలోనూ వృత్తిలోనూ వాళ్లు మామూలు ప్రజలతో సమానమని ప్రకటించింది. ఆ ప్రకటనతో వాళ్లకు వచ్చిందేమిటో చూడండి. తోలు మీద వాళ్లకున్న హక్కు పోయింది. పన్ను మినహాయింపులు పోయాయి. బదులుగా భూమి రాలేదు, డబ్బు రాలేదు. సమానత్వమన్న మాటకే పొరుగు ఊళ్లు భగ్గుమన్నాయి. 1873లో నేటి ఒకయామా ప్రాంతంలోని మిమసాకాలో లేచిన రైతు తిరుగుబాటులో, కొత్త ప్రభుత్వం మీద కోపం ఈ పేటల మీదికి మళ్లింది. 18 మందిని చంపారు, వందల ఇళ్లు తగలబెట్టారు. మునుపటిలా అణిగి మణిగి ఉంటామని రాసివ్వమని పేటల వాళ్లను బలవంతపెట్టారు. ఒప్పుకోని పేట కాలిపోయింది.

అయినా మంటలు ఆరిపోతాయి. కాగితం మిగిలిపోతుంది. 1872లో ప్రభుత్వం దేశమంతటా కుటుంబ రిజిస్టర్లు తయారు చేయించింది. వీటిని జపాన్‌లో కొసెకి అంటారు. మనిషి పుట్టుక, తల్లిదండ్రులు, పెళ్లి, విడాకులు, చావు అన్నీ ఇంటి పేరు కింద ఒకచోట నమోదవుతాయి. కుటుంబం ఏ ఊరి చిరునామా మీద నమోదైందో, ఆ మూల చిరునామా కూడా ఉంటుంది. రద్దయి ఏడాది కూడా కాని ఆ పాత హోదాను చాలా చోట్ల గుమాస్తాలు ఈ రిజిస్టర్లలోకి ఎక్కించేశారు. ఒకచోట 'పూర్వపు ఎతా' అని, ఇంకోచోట 'కొత్త సామాన్యుడు' అని రాశారు. ఒక చేత్తో చెరిపేసిన మాటను ప్రభుత్వం రెండో చేత్తో తానే భద్రంగా రాసి బీరువాలో పెట్టుకుంది. ఆ బీరువాకు తాళం వేయడానికి 1968 దాకా తీరిక దొరకలేదు. దాదాపు వందేళ్లపాటు, ఎవరైనా వెళ్లి ఎవరి పుట్టుకనైనా చూసి రాగలిగారు. ఆ తరువాతి రిజిస్టర్లను కూడా అడిగినవాళ్లందరికీ చూపించకూడదన్న చట్ట సవరణ 1976లో గానీ రాలేదు.

తాళం పడ్డాక ఆగిపోయిందా? పెళ్లి సంబంధం విషయంలో ఇది ఎలా నడిచిందో ఒక్కసారి చూద్దాం. అబ్బాయి, అమ్మాయి ఇష్టపడ్డారు. అబ్బాయి తల్లిదండ్రులకు అమ్మాయి నచ్చింది కూడా. అయినా ఎందుకైనా మంచిదని ఒక డిటెక్టివ్ సంస్థకు కబురు పెట్టారు. డిటెక్టివ్ నేరుగా వెళ్తే మున్సిపల్ కార్యాలయంలో రిజిస్టరు నకలు ఇవ్వరు. కానీ లాయర్లు, దస్తావేజులు రాసే లైసెన్సుదారులు వంటి ఎనిమిది రకాల వృత్తులవాళ్లు తమ వృత్తి అవసరానికని ఒక ప్రత్యేక ఫారం నింపితే ఇస్తారు. వాళ్లలో ఒకడు ఫారం అమ్ముకుంటాడు. నకలు వస్తుంది. అమ్మాయి కుటుంబం ఎప్పుడో నగరానికి వచ్చి, మూల చిరునామా కూడా మార్చుకుని ఉండవచ్చు. చట్టం అందుకు ఒప్పుకుంటుంది. కానీ మార్చుకున్న రిజిస్టరులో, ఎక్కడినుంచి మార్చుకున్నారో ఉంటుంది. దాన్ని పట్టుకుని అంతకు ముందు రిజిస్టరు, అక్కణ్ణుంచి తాతగారి రిజిస్టరు తీస్తారు. కొట్టేసిన పాత రిజిస్టర్లను ఇప్పుడు 150 ఏళ్లు దాచి ఉంచుతున్నారు. చివరికి ఒక ఊరి పేరు దొరుకుతుంది. ఆ పేరు పుస్తకంలో ఉందా లేదా అని చూస్తే పని అయిపోతుంది. నాలుగు రోజుల తరువాత అమ్మాయికి కబురు వస్తుంది, జాతకాలు కుదరలేదనో, పెద్దవాళ్లకు ఒంట్లో బాగా లేదనో. అసలు కారణం ఎవరూ నోరు విప్పి చెప్పరు. ఎవరితో దెబ్బలాడాలో ఆ పిల్లకు తెలియదు.

ఇదంతా పాత కాలపు సంగతి అనుకునేవాళ్ల కోసం చెబుతున్నాను. 2011లో ఇలాంటి ఫారాలు దొంగగా అచ్చు వేయించి వేల సంఖ్యలో రిజిస్టరు నకళ్లు తీసి అమ్మిన ముఠాను ఐచి రాష్ట్ర పోలీసులు పట్టుకున్నారు. కొనేవాళ్లు లేకుండా వేల నకళ్లు ఎవరు తీస్తారు? ఆ తరువాత చాలా పట్టణాల్లో, మీ రిజిస్టరు నకలు ఎవరో బయటివాళ్లు తీసుకున్నారని మనిషికి తెలియజేసే ఏర్పాటు పెట్టారు. మంచిదే. కానీ అది చాలా చోట్ల ముందుగా పేరు నమోదు చేసుకున్నవాళ్లకే వర్తిస్తుంది. అది కూడా దొంగ పడ్డాక వచ్చే కబురే.

ఇక్కడ ఇంకో దుర్మార్గం ఉంది. ఆ కాగితాలు చెప్పేది నిజం కూడా కాదు. ఈ పేటల్లోకి వందేళ్లలో బయటినుంచి ఎందరో వచ్చి చేరారు, చవగ్గా ఇల్లు దొరుకుతుందని. అక్కడ పుట్టినవాళ్లు ఎందరో బయటికి వెళ్లి కలిసిపోయారు. పెళ్లిళ్లు అటూ ఇటూ జరిగాయి. 1993 ప్రభుత్వ సర్వేలో ప్రత్యేక పథకాల కిందికి వచ్చిన పేటలు 4,442, వాటిలో బురాకు జనంగా లెక్కకు వచ్చినవాళ్లు దాదాపు 8.9 లక్షలు. ఆ పేటల్లో ఉన్న మొత్తం జనాభాలో వాళ్లు సగం కంటే తక్కువే. ఎవరి రక్తంలోనూ ఏమీ లేదు, చిరునామాలో మాత్రం ఉందట! ఊరి పేరును బట్టి మనిషికి మైల అంటించారు. పెద్ద నగరాల్లో ఇల్లు కొనేముందు ఆ స్థలం అలాంటి పేటలోదా అని మున్సిపల్ కార్యాలయానికి ఫోన్ చేసి కనుక్కునేవాళ్లు ఇప్పటికీ తేలుతూనే ఉన్నారు. తాము వివక్ష చూపుతున్నామని వాళ్లు అనుకోరు. రేపు అమ్మితే ధర పడిపోతుందేమోనని అడిగామంటారు.

కనబడని తేడాతో బతికేవాడికి ఒక వెసులుబాటు ఉందని కొందరంటారు. దాచుకోవచ్చు కదా, నల్లవాడు రంగు దాచుకోలేడు, వీళ్లు ఊరు దాచుకోగలరు అని. ఈ మాట అనేవాళ్లు షిమజాకి తోసోన్ 1906లో రాసిన 'హకాయి' నవల కథ తెలుసుకోవాలి. అందులో బడిపంతులుగా ఉన్న యువకుడికి తండ్రి పెట్టిన ఆన ఒక్కటే, ఎవరికీ, ఎప్పుడూ, ఎంత నమ్మినవాడికైనా నీ పుట్టుక చెప్పకు అని. ఆ ఆన అతన్ని లోపలినుంచి తినేస్తుంది. చివరికి పిల్లల ముందు మోకరిల్లి, ఇన్నాళ్లూ చెప్పనందుకు క్షమాపణ అడిగి దేశం విడిచి వెళ్లడానికి సిద్ధమవుతాడు. ఏ తప్పూ చేయని పంతులు క్షమాపణ అడగాలి. అడిగించుకున్న సమాజం కన్నీళ్లు పెట్టుకుని పుస్తకం మూసేయవచ్చు.

నవలను మించినది కోర్టులోనే జరిగింది. 1932 చివర్లో షికోకు దీవిలోని తకమత్సు దగ్గర ఇద్దరు అన్నదమ్ములకు ఒక యువతితో పరిచయమైంది. వాళ్లలో ఒకతనూ ఆమే పెళ్లి చేసుకోవాలనుకున్నారు, కలిసి ఉన్నారు. ఆమె ఇంటివైపు నుంచి ఫిర్యాదు వెళ్లింది. పోలీసులు అన్నదమ్ములను పట్టుకున్నారు. పెళ్లి కోసం మోసపుచ్చి తీసుకెళ్లారన్నది నేరారోపణ. ఆ మోసం ఏమిటి? తాము బురాకు పేటవాళ్లమని ఆమెతో చెప్పకపోవడం! 1933లో తకమత్సు జిల్లా కోర్టు ఇద్దరినీ దోషులుగా తేల్చి జైలుకు పంపింది.

అప్పటికి ఆ హోదాను రద్దు చేసి 62 ఏళ్లయింది. చట్టంలో లేని హోదాను చెప్పనందుకు చట్టం శిక్ష వేసింది. చెప్పడానికి అక్కడ ఏముందో ఆ న్యాయమూర్తిని ఎవరైనా అడగాల్సింది. చెప్తే పెళ్లి జరగదు, చెప్పకపోతే జైలు. మరి ఆ కుర్రాడు ఏం చేయాలి? అతను పుట్టకుండా ఉండాల్సిందన్నది ఒక్కటే ఆ తీర్పులో మిగిలిన దారి. 1922లో పుట్టిన బురాకు జనం సంఘం సుయిహెయిషా అప్పుడు దేశమంతటా ఉద్యమం నడిపింది. ఆ ఒత్తిడికి అన్నదమ్ములు గడువుకు ముందే బయటికి వచ్చారు. తీర్పును మాత్రం కొట్టేయలేదు.

బతికినవాణ్ణి వెతికారు, సరే. చచ్చినవాణ్ణయినా వదిలారా? జపాన్‌లో బౌద్ధ గుడి పూజారి చనిపోయినవాడికి ఒక కొత్త పేరు పెడతాడు. మనం పోయినవాళ్ల పేరు ముందు కీర్తిశేషులని చేర్చుకున్నట్టే అదీ గౌరవం కోసమే. ఆ పేరే సమాధి రాయి మీద చెక్కుతారు, గుడిలోని మృతుల పుస్తకంలో రాస్తారు. బురాకు పేటల మృతులకు చాలా గుళ్లలో పెట్టిన పేర్లలో పశువు, చర్మం, దాసుడు అనే అర్థమొచ్చే అక్షరాలు దూర్చారు. చదువు రాని కుటుంబం ఆ రాయికి దణ్ణం పెట్టుకుని, పూలు పెట్టి, పూజారికి దక్షిణ ఇచ్చి వెళ్లింది. రాయి మీద ఏముందో వాళ్లకు తెలియదు. పెట్టినవాడికి తెలుసు. రేపు ఎవరైనా పుట్టుక ఆరా తీయడానికి వస్తే ఆ రాయీ ఆ పుస్తకమూ సాక్ష్యం చెబుతాయని కూడా తెలుసు. కరుణ బోధించే చోట కూర్చుని చేసిన పని ఇది.

1979లో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో ప్రపంచ మతాల శాంతి సదస్సు జరిగింది. బురాకు వివక్షను నివేదికలో ప్రస్తావించబోతే, జపాన్ ప్రతినిధుల్లో ఒకరైన సోతో జెన్ శాఖ పెద్ద మచిదా మునెఓ లేచి, జపాన్‌లో ఇప్పుడు అలాంటి వివక్ష లేదని చెప్పి ఆ ప్రస్తావన తీయించారు. అప్పటికి ఆయన శాఖ గుళ్లలోనే ఆ సమాధి రాళ్లు నిలబడి ఉన్నాయి. లీగ్ నిలదీశాక ఆయన మాట వెనక్కి తీసుకున్నారు, 1984లో మళ్లీ అదే సదస్సు వేదిక మీద క్షమాపణ చెప్పారు. ఆ శాఖ తన గుళ్లను తనిఖీ చేసుకోవడం మొదలుపెట్టింది. మిగతా శాఖలూ ఆ బాట పట్టాయి. ఒక పెద్దమనిషి పరదేశంలో అబద్ధం ఆడి దొరికిపోతే గానీ తమ ప్రాంగణంలోని రాళ్లను తాము చదవాలని ఎవరికీ తోచలేదు.

జపాన్‌లో ఈ మౌనాన్ని సమర్థించే వాదం ఒకటుంది. నిద్రపోయే పిల్లవాణ్ణి లేపవద్దు అంటారు. ఆ మాట ఎత్తకపోతే జనం మరిచిపోతారు, కొత్త తరానికి తెలియదు, మీరే మాట్లాడి మాట్లాడి బతికిస్తున్నారు అని. వినడానికి ఎంత పెద్దరికంగా ఉంది! కానీ 1975లో ఆ పుస్తకం అమ్ముడుపోయింది చీకట్లోనే, ఎవరూ మాట్లాడని చోటే. ఎవరో ఒకరు నోరు విప్పినందుకే అది బయటపడింది. దాని మీద విచారణ జరిపిన న్యాయశాఖ 1989లో ఇక చాలని ఫైలు మూసింది. 2005, 2006ల్లో ఒసాకా డిటెక్టివ్ సంస్థల దగ్గర కొత్త ప్రతులు దొరికాయి. ఒకటి ఫ్లాపీ డిస్కులో ఉంది. ప్రభుత్వం ఫైలు మూసి హాయిగా ఉన్నప్పుడు, పుస్తకం కంప్యూటర్‌లోకి ఎక్కింది. ఇంతకీ నిద్రపోయింది ఎవరు?

ప్రభుత్వం ఏమీ చేయలేదని అనను. 1969 నుంచి 2002 దాకా ప్రత్యేక చట్టాల కింద ఈ పేటల్లో ఇళ్లు, రోడ్లు, కాలువలు, బడులు కట్టారు. పేటల రూపు మారింది, అది అబద్ధం కాదు. 1973 నుంచి బడి పిల్లల ఉద్యోగ దరఖాస్తుకు దేశమంతటికీ ఒకే ఫారం పెట్టారు. అంతకు ముందు కంపెనీలు తమ సొంత ఫారాల్లో తండ్రి ఏం చేస్తాడు, ఇల్లు సొంతమా, ఆస్తి ఎంత, మూల చిరునామా ఏది అని గుచ్చి గుచ్చి అడిగేవి. ఒసాకా రాష్ట్రం 1985లో డిటెక్టివ్‌లు ఇలాంటి ఆరా తీయకూడదని శాసనం చేసింది. ఇవన్నీ ఉద్యమం మెడ మీద కూర్చుని చేయించినవి. కానీ ఇటుకలు, సిమెంటు పేటకు పోశారు. రోగం పేటలో లేదు, పేట గురించి వాకబు చేసేవాడిలో ఉంది. అతని జోలికి దేశమంతటికీ వర్తించే చట్టం ఏదీ గట్టిగా వెళ్లలేదు.

2016లో వెళ్లినట్టు కనిపించింది. ఆ ఏడాది డిసెంబరులో బురాకు వివక్ష నిర్మూలన చట్టం వచ్చింది. బురాకు వివక్ష ఇప్పటికీ ఉందని, ఇంటర్నెట్ వచ్చాక దాని తీరు మారిందని జపాన్ పార్లమెంటు ఒప్పుకుంది. అందులో సలహా కేంద్రాలు ఉన్నాయి, అవగాహన కార్యక్రమాలు ఉన్నాయి, సర్వేలు ఉన్నాయి. వివక్షను నిషేధించే నిబంధన లేదు. శిక్ష ఒక్కటీ లేదు. దొంగతనం చెడ్డదని దేశానికి చెప్పి, దొంగను మాత్రం ఏమీ అనని చట్టమది.

అదే 2016 మొదట్లో ఒక చిన్న ప్రచురణ సంస్థ, 1936లో ఒక సంస్థ గుట్టుగా తయారు చేయించిన దేశవ్యాప్త బురాకు పేటల సర్వేను మళ్లీ అచ్చువేసి అమ్ముతామని ప్రకటించింది. పాత పేర్ల పక్కన ఇప్పటి పేర్లు కూడా చేర్చి ఇంటర్నెట్‌లో పెట్టింది. ఒకప్పుడు వేల యెన్లు పోసి దొంగచాటుగా కొనుక్కున్నది, ఇక ఫోన్ ఉన్న ప్రతివాడికీ ఉచితం. ఇది పరిశోధన స్వేచ్ఛ అన్నారు. కోర్టు అచ్చును ముందే ఆపింది. లీగ్‌తో కలిసి 240 మందికి పైగా దావా వేశారు.

ఆ దావా నడిచిన తీరు గమనించండి. తమకు నష్టం జరిగిందని చెప్పాలంటే ముందు వాళ్లు తామెవరో, ఏ ఊరివాళ్లో కోర్టుకు చెప్పుకోవాలి. జీవితమంతా దాచుకున్నది దావా కాగితాల్లో రాయాలి, ప్రతివాదుల చేతికి ఇవ్వాలి. 2021లో టోక్యో జిల్లా కోర్టు ప్రచురణ తప్పని తేల్చింది. కానీ నిషేధాన్ని పిటిషనర్లు ఉన్న రాష్ట్రాలకే, అందులోనూ కొన్నిటికే పరిమితం చేసింది. తామెవరో అంతకు ముందే ధైర్యంగా బయట చెప్పుకున్న కొందరికి గోప్యత నష్టం లేదంది. 2023లో టోక్యో హైకోర్టు ఇంకాస్త ముందుకు వెళ్లింది. వివక్షకు గురి కాకుండా ప్రశాంతంగా, మనిషిగా బతికే హక్కు అందరికీ ఉందని చెప్పి, నిషేధాన్ని 25 రాష్ట్రాల నుంచి 31 రాష్ట్రాలకు పెంచింది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. ఇది గెలుపే, ఎనిమిదేళ్ల పైచిలుకు పోరాడి గెలిచిన గెలుపు. అయినా పిటిషనర్లు లేని రాష్ట్రాల పేటలు ఆ నిషేధం బయటే ఉండిపోయాయి. భయపడి ముందుకు రానివాడికి రక్షణ లేదు. ఆ భయానికి కారణమే ఈ జాబితా అన్న సంగతి తీర్పు లెక్కలోకి రాలేదు.

ఇదంతా చదివి, పాపం జపానోళ్లు, మనమే నయం అనుకునే తెలుగు పాఠకుడు ఉంటే ఒక్క మాట. జాతి వివక్షను నిర్మూలించే అంతర్జాతీయ ఒప్పందం ఒకటుంది. దాని మొదటి నిబంధనలో జాతి, రంగుతో పాటు వంశపారంపర్యాన్ని కూడా చేర్చారు. ఆ మాట కులానికీ, పుట్టుకను బట్టి వెలివేసే ఇలాంటి పద్ధతులన్నిటికీ వర్తిస్తుందని ఐక్యరాజ్యసమితి కమిటీ 2002లో స్పష్టం చేసింది. బురాకు జనం కూడా జపనీయులే, వేరే జాతి కాదు, కాబట్టి ఇది ఆ ఒప్పందం కిందికి రాదని జపాన్ ప్రభుత్వం జవాబిచ్చింది. కులం అంటే జాతి కాదు, కాబట్టి ఇది ఆ ఒప్పందం కిందికి రాదని మన భారత ప్రభుత్వం జవాబిచ్చింది. రెండు దేశాల జవాబులను పక్కపక్కన పెట్టి చూడండి. తేడా లేకపోయినా వెలివేశారని బాధితుడు మొర పెట్టుకుంటుంటే, తేడా లేదు కాబట్టి అది వివక్షే కాదని రెండు ప్రభుత్వాలూ సమాధానం చెప్పాయి. వాళ్ల గాయాన్నే వాళ్ల మీద వాదనగా తిప్పారు.

మన ఇళ్లలో సంగతి కూడా వేరుగా లేదు. కొత్తగా వచ్చినవాడి పేరుతో సరిపెట్టుకోక ఇంటిపేరు అడుగుతాం. ఇంటిపేరు తేలకపోతే ఊరు అడుగుతాం. ఊరు చెప్తే ఊళ్లో ఎక్కడ, మీకు ఫలానావాళ్లు తెలుసా అని లోపలికి దిగుతాం. అద్దె ఇంటికి, పెళ్లి సంబంధానికి, అమెరికాలో పక్క ఫ్లాట్‌కు వచ్చిన తెలుగువాడికీ ఇవే ప్రశ్నలు. ఒసాకా డిటెక్టివ్ డబ్బు తీసుకుని చేసే పనిని మనం కాఫీ ఇస్తూ ఉచితంగా చేస్తాం.

అందుకే ఈ విషయంలో మంచితనం గురించిన ఉపన్యాసాలు వినే ఓపిక నాకు లేదు. బురాకు వివక్షకు ద్వేషంతో ఊగిపోయే మనుషులు అంతగా అవసరం పడలేదు. దానికి కావలసింది నకలు ఇచ్చే గుమాస్తా, ఫారం అమ్మే లైసెన్సుదారు, పుస్తకం కొనే అధికారి, ఎందుకైనా మంచిదని వాకబు చేయించే తల్లిదండ్రులు, ఇవన్నీ తెలిసి ఫైలు మూసే మంత్రిత్వ శాఖ. వీళ్లలో ఎవరికీ ఆ కుర్రాడి మీద పగ లేదు. అతని గురించి పట్టింపు కూడా లేదు. కన్ను చూడలేని తేడా వెతికితే తప్ప బతకదు. ఎవరూ వెతకని రోజున అది ఒక్క తరం కూడా నిలవదు. కాబట్టి వెతకడమే నేరం. జాబితా రాసినవాడికి, అమ్మినవాడికి, కొన్నవాడికి శిక్ష వేసే చట్టం లేనంత కాలం జపాన్ ప్రభుత్వం పెట్టే ప్రతి అవగాహన సభా దండగ. ఆ వివక్ష దానంతటదే పోతుందని చెప్పేవాళ్లు 1871 నుంచీ అదే మాట చెబుతున్నారు. 150 ఏళ్లు దాటాయి. రిజిస్టర్లు మాత్రం పదిలంగా ఉన్నాయి, వాటిని అడిగేవాళ్లు ఇప్పటికీ వస్తూనే ఉన్నారు.